రిటర్న్ ప్రయాణంలో పడిన 135 యూరోలు: ఒక నల్లగొండ కుటుంబం చెక్-ఇన్ కేసు

ప్రయాణికులు ముగ్గురు: నల్లగొండ రామగిరి వైపు ఉండే ఒక రిటైర్డ్ సైన్స్ టీచర్, ఆయన భార్య, జర్మనీలోని కొలోన్‌లో ఉద్యోగం చేస్తున్న వాళ్లబ్బాయి. సారూ మేడమ్‌ల హైదరాబాద్–జర్మనీ రాకపోకల టికెట్లు మా షాపులోనే తీశాం. అవి గల్ఫ్ మీదుగా వెళ్లే పెద్ద సంస్థవి, వాటితో గొడవేమీ లేదు. గొడవంతా మధ్యలో అబ్బాయి సొంతంగా వేసిన రోమ్ ట్రిప్పులో వచ్చింది. వేసవిలో కొలోన్ నుంచి రోమ్‌కు శుక్రవారం వెళ్లి సోమవారం తిరిగి రావడం, యూరప్‌లో తిరిగే ఒక బడ్జెట్ ఎయిర్‌లైన్‌లో. సంస్థ పేరు ఇక్కడ అక్కర్లేదు. వాళ్లు తమ రూల్స్ దాటి ఏమీ చేయలేదు కూడా.

టికెట్ మనిషికి ఒక్కో వైపు 24 యూరోలు. సోమవారం తెల్లవారుజామున రోమ్ ఎయిర్‌పోర్టులో కౌంటర్ చెక్-ఇన్ కింద మనిషికి 45 యూరోల చొప్పున ముగ్గురికీ కలిపి 135 యూరోలు కట్టారు. అంటే ఆ వైపు టికెట్ల మొత్తం 72 యూరోలైతే, కౌంటర్ ఫీజు దానికి దాదాపు రెట్టింపు. మన లెక్కలో పదమూడు వేల పైమాటే.

ఇలాంటి ఫీజు ఎట్ల పడుతుందో ఈ కేసులో గంట గంటకూ కనబడుతుంది కాబట్టి వివరంగా రాస్తున్నాను.

ఫోన్ వచ్చేసరికి పరిస్థితి

రోమ్ నుంచి విమానం స్థానిక సమయం ప్రకారం సోమవారం ఉదయం 6:45కు. వేసవిలో ఇటలీ మనకన్నా మూడున్నర గంటలు వెనక. అబ్బాయి నాకు ఫోన్ చేసింది మన 8:10కి, అంటే అక్కడ 4:40కి. అప్పటికే వాళ్లు టెర్మినల్‌లో ఉన్నారు.

"అన్నా, యాప్‌లో చెక్-ఇన్ బంద్ అయిందని చూపిస్తుంది. కౌంటర్ దగ్గర పైసలు కట్టమంటున్నరు."

వెనకాల సార్ గొంతు వినబడుతోంది: "రెండు గంటల ముందే వచ్చినం కదా, లేటెట్ల అయితది?"

సార్ అన్నదాంట్లో తప్పేం లేదు. శంషాబాద్‌లో దేశంలోపలి ప్రయాణానికి రెండు గంటల ముందు చేరితే హాయిగా సరిపోతుంది. కానీ ఆ సంస్థ లెక్కలో రెండు వేర్వేరు గడువులున్నాయి. ఆన్‌లైన్ చెక్-ఇన్ బయలుదేరే సమయానికి మూడు గంటల ముందు మూసుకుంటుంది. అంటే 3:45కే అయిపోయింది. ఎయిర్‌పోర్టులో డెస్క్ మాత్రం 40 నిమిషాల ముందు వరకు, అంటే 6:05 వరకు తెరిచే ఉంటుంది. ఈ 3:45కూ 6:05కూ మధ్యలో వచ్చినవాడు విమానం మిస్ కాడు, ఊరికే ఎక్కనూ లేడు. ఆ రెండు గంటల ఇరవై నిమిషాల సందులోనే కౌంటర్ ఫీజు పుడుతుంది. ఆన్‌లైన్ గడువు కొన్ని సంస్థల్లో రెండు గంటలు, కొన్నింట్లో మూడు. కానీ ఈ తరహా సంస్థల్లో చాలావరకు ఆన్‌లైన్ ముందు మూస్తారు, డెస్క్ తర్వాత మూస్తారు.

వాళ్లకు నేను చెప్పింది ఒక్కటే: లైన్లో వాదించొద్దు, ముందు డబ్బు కట్టే చోటికి వెళ్లండి. చాలా ఎయిర్‌పోర్టుల్లో బ్యాగ్ తీసుకునే డెస్క్ వేరు, డబ్బు తీసుకునే టికెట్ డెస్క్ వేరు. ఇక్కడ ఒక లైన్, అక్కడ ఇంకో లైన్, మళ్లీ వెనక్కి వచ్చి బోర్డింగ్ పాస్ తీసుకోవాలి. 6:05 దాటితే 45 యూరోలు కట్టినా పాస్ ఇవ్వరు. అప్పుడు పోయేది ఫీజు కాదు, మొత్తం టికెట్టే. అక్కడ డెస్క్ మీద కూర్చునేవాళ్లు చాలాసార్లు ఎయిర్‌లైన్ ఉద్యోగులు కూడా కారు, కాంట్రాక్ట్ మీద పనిచేసే గ్రౌండ్ హ్యాండ్లింగ్ కంపెనీ మనుషులు. డబ్బు కట్టినట్టు సిస్టమ్‌లో పడితే తప్ప పాస్ ప్రింట్ చేయడం వాళ్ల చేతిలో ఉండదు. కాబట్టి ఎంత బతిమాలినా టైమ్ పోవడం తప్ప ఒరిగేదేం లేదు.

5:25కల్లా పాస్‌లు చేతికొచ్చాయి. విమానం ఎక్కారు.

అసలు ఎక్కడ తప్పింది

మర్నాడు అబ్బాయితో కూర్చొని (వీడియో కాల్‌లోనే) బుకింగ్ మొత్తం తిరగేశాను. అతనికి ఒకటే డౌట్: "గురువారం నేను చెక్-ఇన్ చేసిన అన్నా. నాకు బాగా గుర్తుంది." నిజమే, చేశాడు. కానీ అతను చేసింది వెళ్లే విమానానికి మాత్రమే.

ఈ సంస్థలో సీటు కొనని ప్రయాణికులకు ఆన్‌లైన్ చెక్-ఇన్ ప్రతి విమానానికీ విడిగా, 24 గంటల ముందు తెరుచుకుంటుంది. శుక్రవారం మధ్యాహ్నం 1:20 విమానానికి గురువారం 1:20కి తెరిచారు. అతను ఆ సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చాక పాస్‌పోర్ట్ నంబర్లు కొట్టి ముగ్గురికీ పూర్తిచేశాడు. స్క్రీన్ మీద పచ్చ టిక్కు వచ్చింది. అదే పేజీలో కింద రిటర్న్ విమానం కూడా ఉంది, దాని పక్కన బటన్ బూడిద రంగులో, నొక్కినా పలకకుండా. ఎందుకంటే దానికి ఇంకా మూడు రోజులుంది. పైన పచ్చ టిక్కు చూసినవాడు కింద బూడిద బటన్‌ను పట్టించుకోడు. ఒకే బుకింగ్, ఒకే పీఎన్ఆర్, కాబట్టి ఒకేసారి అయిపోయిందనుకున్నాడు.

సోమవారం విమానానికి ఆన్‌లైన్ చెక్-ఇన్ ఆదివారం ఉదయం 6:45 నుంచి సోమవారం తెల్లవారి 3:45 దాకా తెరిచి ఉంది, మొత్తం 21 గంటలు. మన టైమ్‌లో ఆదివారం 10:15 నుంచి సోమవారం 7:15 దాకా. ఆ రోజంతా వాళ్లు వాటికన్ చూస్తూ, మేడమ్ మోకాళ్ల నొప్పులకు మధ్యమధ్య కూర్చుంటూ గడిపారు. రాత్రి తొందరగా పడుకున్నారు, తెల్లారి మూడున్నరకు లేవాలి గనక. అలారం మోగిన పావుగంటకు గడువు అయిపోయింది.

మరి ఎయిర్‌లైన్ గుర్తు చేయలేదా అంటే, చేసింది. కానీ ఆ మెయిల్ అతని కంట పడలేదు. ఈ పాయింట్ దగ్గర కాస్త ఆగాలి, ఇలాంటి కేసుల్లో నాకు ఎక్కువగా తగిలేది ఇదే.

అతను టికెట్ కొన్నది ఎయిర్‌లైన్ సైట్‌లో కాదు, ధరలు పోల్చి చూపించే ఒక బుకింగ్ సైట్‌లో. కొన్ని సైట్లు ఎయిర్‌లైన్‌కు ప్రయాణికుడి మెయిల్ ఇవ్వవు, తమ సొంత మెయిల్ ఐడీ ఒకటి తయారుచేసి ఇస్తాయి. ఎయిర్‌లైన్ పంపే ప్రతి సమాచారం, అంటే టైమ్ మారిందనీ చెక్-ఇన్ తెరిచామనీ వచ్చేవన్నీ, ముందు ఆ ఐడీకి వెళ్తాయి. సైటు దాన్ని ముందుకు పంపితే మనకొస్తుంది. ఈ కేసులో గురువారం మెయిల్ ఇన్‌బాక్స్‌లోనే వచ్చింది. ఆదివారం మెయిల్ కూడా వచ్చింది, కానీ హోటల్ ఆఫర్ల మధ్య ప్రమోషన్స్ ట్యాబ్‌లో పడింది. అతను దాన్ని తెరిచింది ఈ కేసు చూసేటప్పుడే.

దీన్ని ముందే కనిపెట్టొచ్చు. టికెట్ కొన్న రోజే ఎయిర్‌లైన్ సొంత సైటులోకి వెళ్లి పీఎన్ఆర్, మీ మెయిల్ ఐడీ కొట్టి చూడండి. బుకింగ్ తెరుచుకుంటే ఎయిర్‌లైన్ దగ్గర మీ మెయిల్ ఉన్నట్టు. "దొరకలేదు" అని వస్తే వాళ్ల దగ్గర ఇంకెవరిదో ఉన్నట్టు. అప్పుడు ఆ బుకింగ్ సైటు వాళ్లను అడిగి ఆ ఐడీ ఏమిటో రాసిపెట్టుకోవాలి, లేదా ఎయిర్‌లైన్ దగ్గర మార్పించుకోవాలి. కొన్ని ఎయిర్‌లైన్స్ ఇలాంటి బుకింగులకు చెక్-ఇన్ కన్నా ముందు ఐడెంటిటీ వెరిఫికేషన్ కూడా అడుగుతాయి. పాస్‌పోర్ట్ ఫొటో, సెల్ఫీ పంపాలి. అర్ధరాత్రి హోటల్ వైఫైలో మొదటిసారి ఆ పేజీ ఎదురైతే టెన్షన్ మామూలుగా ఉండదు.

చెక్-ఇన్ అంత ఆలస్యంగా ఎందుకు తెరుస్తారు

సార్ అడిగిన ప్రశ్న ఇది: "టికెట్ నెల ముందు అమ్మినోడు, చెక్-ఇన్ నెల ముందు ఎందుకు చేయనియ్యడు?"

చేయనిస్తాడు, సీటు కొంటే. ఈ తరహా సంస్థల్లో సీటు కొన్నవాళ్లకు చెక్-ఇన్ వారాల ముందే తెరుచుకుంటుంది. కొననివాళ్లు చివరి రోజు దాకా ఆగాలి. అప్పుడు మిగిలిన సీట్లలో సిస్టమ్ ఏది ఇస్తే అది. ముందుగా తెరవడమే అమ్మకపు సరుకు. ముగ్గురికీ సీట్లు కొంటే మనిషికి 9 యూరోలు, ఒక వైపుకు 27. ఆ సోమవారం రిటర్న్‌కు మాత్రం ఆ 27 పెట్టి ఉంటే, గురువారం సాయంత్రం ఒకే కూర్చోవడంలో రెండు వైపులా చెక్-ఇన్ అయిపోయేది. అప్పట్నుంచి నేను పెద్దవాళ్లు ఉన్న ప్రయాణాల్లో, ముఖ్యంగా తెల్లవారుజామున రిటర్న్ ఉంటే, వెళ్లేటప్పుడు సీటు వద్దు, వచ్చేటప్పటికి మాత్రం కొనండి అని చెబుతున్నాను. వెళ్లేటప్పుడు ఇంట్లో ఉంటారు, వైఫై ఉంటుంది, గుర్తుంటుంది. మరిచిపోయేది వచ్చేటప్పుడే. కుర్రాళ్లు ఒంటరిగా వెళ్తే మాత్రం ఈ 9 యూరోలు దండగ, ఫోన్‌లో అలారం పెట్టుకుంటే చాలు.

ఇక 45 యూరోల సంగతి. ఒక పాస్ ప్రింట్ చేసే కాగితానికీ రెండు నిమిషాల పనికీ అంత ఖర్చు కాదని ఎవరికైనా తెలుసు. ఆ ఫీజు ఖర్చు రాబట్టుకోవడానికి పెట్టింది కాదు, జనాన్ని డెస్క్ దగ్గరికి రాకుండా ఆపడానికి పెట్టింది. ఎయిర్‌పోర్టులో చెక్-ఇన్ డెస్కులకు అద్దె ఉంటుంది, వాటిమీద మనుషులను పెట్టినందుకు హ్యాండ్లింగ్ కంపెనీకి డబ్బు కట్టాలి. వందమందికి పైగా ఇంటి నుంచే పాస్ తెచ్చుకుంటే రెండు డెస్కులతో విమానం నడుస్తుంది. 2009లో ర్యాన్‌ఎయిర్ ప్రయాణికులందరూ ఆన్‌లైన్‌లోనే చెక్-ఇన్ చేసుకోవాలనే పద్ధతికి మారింది. తర్వాత యూరప్‌లో బడ్జెట్ ఎయిర్‌లైన్స్ చాలావరకు ఆ దారి పట్టాయి. టికెట్ 24 యూరోలకు అమ్మగలిగేది కొంత ఇందువల్లే. అందుకే ఫీజు టికెట్ కన్నా ఎక్కువ ఉండటం వాళ్ల దృష్టిలో వింతేం కాదు. నా దృష్టిలో మాత్రం, మూడు గంటల ముందే ఆన్‌లైన్ మూసేసి డెస్క్ తెరిచి ఉంచడం మరీ పిసినారితనం. ఒక గంట ముందు వరకు ఆన్‌లైన్ నడిపే సంస్థలు మన దేశంలోనే ఉన్నాయి.

మన అలవాటు అక్కడ ఎందుకు పనికిరాలేదు

సార్ ఇంతకుముందు విమానం ఎక్కింది హైదరాబాద్ నుంచి ఢిల్లీ, తిరుపతి. అక్కడ కౌంటర్‌కు పోతే పాస్ ఇస్తారు, పైసలడగరు. మన దగ్గరా ఈ ఫీజు కొన్నాళ్లు నడిచింది. 2020 మేలో లాక్‌డౌన్ తర్వాత విమానాలు మళ్లీ మొదలైనప్పుడు కరోనా కారణంగా వెబ్ చెక్-ఇన్ తప్పనిసరి చేశారు. అదే ఏడాది అక్టోబర్ 17 నుంచి ఇండిగో కౌంటర్‌లో చెక్-ఇన్ చేసేవాళ్ల దగ్గర వంద రూపాయలు తీసుకోవడం మొదలుపెట్టింది. తర్వాత ఇలాంటి ఛార్జీ రెండు వందల దాకా పోయింది. షాపులో దాని గురించి తిట్లు నేనూ బాగానే తిన్నాను. 2022 జులైలో పౌర విమానయాన శాఖ బోర్డింగ్ పాస్ ఇవ్వడానికి వేరే డబ్బు తీసుకోకూడదని చెప్పింది. 1937 నాటి విమాన నిబంధనల్లో 135వ నిబంధన చెప్పే ఛార్జీల్లో అది రాదని కారణం చూపింది.

ఆ మాట మన దేశం వరకే. రోమ్‌లో ఎక్కే విమానానికి అది వర్తించదు. అక్కడ టికెట్ కొనేటప్పుడు ఒప్పుకున్న షరతుల్లో ఫీజుల పట్టిక ఉంటుంది, అందులో ఎయిర్‌పోర్ట్ చెక్-ఇన్ అని ఒక వరుస ఉంటుంది.

చేతిలో కాగితం ఉండటం కూడా సార్‌ను పక్కదారి పట్టించింది. కొడుకు ప్రింట్ తీసిచ్చిన రెండు పేజీలు ఫోల్డర్‌లో భద్రంగా పెట్టుకున్నారు. అందులో ముగ్గురి పేర్లు, పీఎన్ఆర్, రెండు విమానాల టైములు, అన్నీ ఉన్నాయి. డెస్క్ దగ్గర అమ్మాయి దాన్ని తిప్పి చూసి పక్కన పెట్టేసిందట. ఎందుకంటే అది ఐటినరరీ, బోర్డింగ్ పాస్ కాదు. పాస్ అయితే ఒక్కొక్కరికి ఒకటి విడిగా ఉంటుంది, దాని మీద స్కాన్ చేసే కోడ్, సీటు నంబర్, సాధారణంగా సీక్వెన్స్ నంబర్ కూడా ఉంటాయి. ముగ్గురి పేర్లూ ఒకే కాగితం మీద ఉండి, సీటు గడి ఖాళీగా ఉంటే చెక్-ఇన్ కాలేదని అర్థం. వెళ్లే విమానం పాస్‌లు ఫోన్‌లో మూడు విడివిడిగా ఉన్నాయి, రిటర్న్‌వి లేవు. ఆదివారం రాత్రి ఎవరైనా ఒక్కసారి ఫోన్ తెరిచి పాస్‌లు లెక్కపెట్టి ఉంటే తెలిసిపోయేది.

ఇంకో చిన్న విషయం కూడా కలిసింది. భారత పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లు ఆన్‌లైన్‌లో చెక్-ఇన్ చేసుకున్నా, కొన్ని బడ్జెట్ ఎయిర్‌లైన్స్ డెస్క్ దగ్గర వీసా, పాస్‌పోర్ట్ చూపించి ముద్ర వేయించుకోమంటాయి. వెళ్లేటప్పుడు కొలోన్‌లో అలా చూపించారు, డబ్బు తీసుకోలేదు. దాంతో అబ్బాయి మనసులో "మనం ఎట్లయినా కౌంటర్‌కు పోవాల్సిందే, అక్కడే అయితది" అని పడిపోయింది. ఆ ముద్ర ఉచితమే, కానీ అది చెక్-ఇన్ చేసుకున్నవాళ్లకు మాత్రమే. ఒకే డెస్క్, ఒకే మనిషి. చెక్-ఇన్ అయి వెళ్తే ముద్ర, కాకుండా వెళ్తే బిల్లు.

డబ్బు తిరిగి వచ్చిందా

రాలేదు. అబ్బాయి ఎయిర్‌లైన్‌కు రాశాడు, గుర్తుచేసే మెయిల్ పంపామని, గడువు షరతుల్లో ఉందని జవాబొచ్చింది. బుకింగ్ సైటుకు రాశాడు, మెయిల్ మీ ఇన్‌బాక్స్‌కు పంపామన్నారు. కార్డు బ్యాంకులో వివాదం పెట్టమంటావా అని నన్నడిగాడు. వద్దన్నాను. ఆ డబ్బుకు సేవ అందింది, పాస్ ఇచ్చారు, విమానం ఎక్కించారు. అలాంటి కేసు బ్యాంకులో నిలబడదు. సైటు లేదా యాప్ పనిచేయక చెక్-ఇన్ కాకపోతే మాత్రం లెక్క వేరు. అప్పుడు గడువు లోపలే, టైమ్ కనబడేలా ఎర్రర్ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుంటే అడగడానికి ఆధారం ఉంటుంది. ఇతని దగ్గరున్న ఏకైక స్క్రీన్‌షాట్ 4:38కి తీసింది, గడువు పోయిన 53 నిమిషాలకు.

తర్వాత సార్‌కు భయం పట్టుకుంది. హైదరాబాద్ రిటర్న్‌కు రెండు రోజుల ముందే నాకు ఫోన్: "తమ్మీ, మాది ఇప్పుడే చెక్-ఇన్ చెయ్యి." చేశాను. పాస్‌పోర్ట్ వివరాలన్నీ కొట్టాక, డాక్యుమెంట్లు చూడాలి కాబట్టి పాస్ ఎయిర్‌పోర్ట్ కౌంటర్‌లో తీసుకోండి అని సిస్టమ్ చూపించింది. ఆ స్క్రీన్ ఫొటో పంపగానే మళ్లీ ఫోన్: "మళ్ల నలభై ఐదు యూరోలా?" కాదని చెప్పాను. ఆ గల్ఫ్ సంస్థ కౌంటర్ చెక్-ఇన్‌కు డబ్బు తీసుకోదు, వెబ్ చెక్-ఇన్ అసలు చేయకపోయినా సరే. మూడు గంటల ముందు వెళ్లారు, కౌంటర్‌లో రెండు విమానాల పాస్‌లూ కలిపి ఇచ్చారు, సామానుకు హైదరాబాద్ దాకా ట్యాగ్ వేశారు. మేడమ్‌కు వీల్‌చైర్ అడిగితే అదీ వచ్చింది.